"తప్ప" అనే మాట ఎంత బరువు మోయగలదు?

మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లు నడిపే నా చిన్ననాటి స్నేహితుడి కొడుకు పోయిన నెల ఫోన్ చేశాడు. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. "కాకా, బ్యాంకోళ్లు స్టాకు మీద అప్పిచ్చే సీసీ లిమిటు రెన్యువల్ ఆపిన్రు. ఆడిట్ రిపోర్టు చూసి ఫైలు పక్కన పెట్టిన్రట. రిపోర్టు మీద క్వాలిఫైడ్ ఒపీనియన్ అని పెద్ద అక్షరాలతో ఉంది. క్వాలిఫైడ్ అంటే మంచిదే గదా?"

ఆ పిల్లవాడి తప్పేమీ లేదు. మనకు క్వాలిఫైడ్ డాక్టరంటే చదువుకున్న డాక్టరు, క్వాలిఫైడ్ టీచరంటే అర్హత ఉన్న టీచరు. ఆడిట్‌లో ఆ మాట సరిగ్గా తిరగబడుతుంది. ఇక్కడ క్వాలిఫైడ్ అంటే "ఫలానాది తప్ప మిగతాది సరే" అని షరతు పెట్టి ఇచ్చిన అభిప్రాయం. అన్‌క్వాలిఫైడ్ అంటే ఏ షరతూ లేనిది, అంటే మంచిది. ఈ గందరగోళం వల్లనో ఏమో, ఇప్పుడు ప్రమాణాల్లో దాన్ని అన్‌మాడిఫైడ్ అంటున్నారు. ఊళ్లో మాత్రం అందరూ క్లీన్ రిపోర్టు అనే అంటారు.

వాళ్ల ఆడిటర్ని నేను కాదు. అయినా ఆ రిపోర్టు తెప్పించుకుని చదివాను. అప్పటి నుంచీ మనసులో నలుగుతున్న విషయం ఒకటి ఇక్కడ రాయాలనిపించింది. నేను ముప్పై ఏళ్లుగా నల్లగొండలో ఆడిట్ పనే చేస్తున్నాను. ఇన్నేళ్లలో నాకు కలిగిన అభిప్రాయం ఏమిటంటే, క్లీన్, క్వాలిఫైడ్, లెక్కలు తప్పని చెప్పే అడ్వర్స్, అభిప్రాయమే చెప్పలేమనే డిస్‌క్లెయిమర్, ఈ నాలుగు రకాల అభిప్రాయాల్లో ఎక్కువగా దుర్వినియోగమయ్యేది క్వాలిఫైడే. క్లీన్‌గా ఇవ్వలేని చోట, గట్టిగా చెప్పే ధైర్యం చాలని చోట, మధ్యేమార్గంగా దాన్ని వాడుతున్నాం. నిజానికి అది మధ్యేమార్గం కాదు. దానికంటూ ఒక హద్దు ఉంది.

ఆ హద్దు ఎక్కడుందో చెప్పాలంటే ఒక మిల్లు లెక్క ముందు పెట్టుకోవాలి. పేరు లేదు, అంకెలు నేను అల్లినవి. మిల్లు ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. 2025 మార్చి 31తో ముగిసిన సంవత్సరంలో 40 కోట్ల వ్యాపారం, పన్నుకు ముందు లాభం కోటి 20 లక్షలు. సొంత మూలధనం 3 కోట్లు, బ్యాంకు సీసీ లిమిటు 6 కోట్లు, అదీ పూర్తిగా వాడేశారు. మార్చి 31న సొంత వడ్లు 39,000 క్వింటాళ్లు, క్వింటాలు 2,300 చొప్పున సుమారు 9 కోట్లు. ఆ ఏడు సాధారణ రకానికి మద్దతు ధర అంతే కాబట్టి ఆ ధర తీసుకున్నాను. ఇవి కాక, సివిల్ సప్లైస్ వాళ్లు సీఎంఆర్ కింద మర పట్టి ఇమ్మని ఇచ్చిన సర్కారు వడ్లు కూడా అదే మిల్లులో ఉంటాయి. అవి మిల్లువి కావు. మర కూలి మాత్రమే మిల్లుది.

నాలుగు అభిప్రాయాలకూ ఈ ఒక్క మిల్లే చాలు. యార్డు అదే, బస్తాలు అవే. ఆడిటరుకు ఏం తెలిసింది, ఏం తెలియలేదు, అది ఎంత దూరం పాకింది అన్నదే మారుతుంది.

క్లీన్ అంటే ఎంత క్లీన్

మార్చి 31 పొద్దున ఆడిటరు మిల్లుకు వెళ్లాడు. 39,000 క్వింటాళ్లంటే 40 కిలోల బస్తాలు 97,500. ఎవరూ ఒక్కో బస్తా లెక్కపెట్టరు. పొడవు, వెడల్పు, ఎత్తులో ఎన్ని బస్తాలున్నాయో చూసి గుణిస్తారు. మోసం ఉంటే ఇక్కడే ఉంటుంది. బయట నాలుగు గోడల్లా పేర్చి లోపల ఖాళీ వదిలేస్తే గుణకారం సరిగ్గానే వస్తుంది, వడ్లు మాత్రం ఉండవు. అందుకే తెలిసిన ఆడిటరు హమాలీలతో నడిమధ్య రెండు మూడు చోట్ల బస్తాలు తీయిస్తాడు, పైకెక్కి చూస్తాడు, కొన్ని బస్తాలు కాటా మీద పెట్టిస్తాడు. సర్కారు వడ్లు వేరే షెడ్డులో ఉన్నాయా, వాటి రిజిస్టరు వేరుగా ఉందా అని చూస్తాడు. అన్నీ సరిపోయాయి. రెండు లక్షల దగ్గర ఒక లెక్క తేడా దొరికింది, అంతే.

ఆ రెండు లక్షలతో రిపోర్టు చెడదు. ఆడిట్ మొదట్లోనే ఎంత తేడా ఉంటే లెక్కలు చదివేవాడి నిర్ణయం మారుతుందో ఒక గీత గీసుకుంటాం. దాన్నే మెటీరియాలిటీ అంటాం. ఇలాంటి కంపెనీకి పన్నుకు ముందు లాభంలో 5 శాతం తీసుకోవడం మామూలే, అంటే ఇక్కడ 6 లక్షలు. అది చట్టం రాసిపెట్టిన అంకె కాదు, ఆడిటరు నిర్ణయం. దిద్దకుండా మిగిలిన తేడాలన్నీ కలిపినా ఆ గీత లోపలే ఉంటే, వాటి స్వభావంలో కూడా అనుమానించాల్సింది లేకపోతే, అభిప్రాయం అన్‌మాడిఫైడే.

అయితే క్లీన్ రిపోర్టును గ్యారంటీ అనుకోవద్దు. సత్యం కంపెనీకి ఏళ్ల తరబడి క్లీన్ రిపోర్టులే వచ్చాయి. 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు రాసిన ఉత్తరంలో, పుస్తకాల్లో ఉన్న నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవని ఉంది. ఆ రోజు మా ఆఫీసులో ఎవరం ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మేం ఇచ్చేది సహేతుకమైన భరోసా అని రిపోర్టులోనే రాస్తాం. కానీ ఆ భరోసా, సాక్ష్యం ఇచ్చే బ్యాంకు కాగితాన్ని మనం నేరుగా తెప్పించుకున్నామా, లేక కంపెనీ వాళ్లు చేతిలో పెట్టింది తీసుకున్నామా అన్నంత చిన్న పని మీద నిలబడి ఉంటుందని ఆ రోజు తెలిసివచ్చింది.

ఇంకో మాట కూడా చెప్పి ముందుకు వెళ్తాను. ఏప్రిల్‌లో గోదాములో మంటలు లేచి కొంత సరుకు కాలిందనుకోండి. కంపెనీ ఆ సంగతి లెక్కల నోట్‌లో సరిగ్గా రాసింది. ఆడిటరు ఆ నోట్ వైపు వేలు చూపిస్తూ "ఎంఫసిస్ ఆఫ్ మ్యాటర్" అని ఒక పేరా పెట్టవచ్చు. అది షరతు కాదు, అభిప్రాయం క్లీన్‌గానే ఉంటుంది. బ్యాంకుల్లో దాన్ని కూడా క్వాలిఫికేషన్ అని చదివి ఫైళ్లు ఆపడం నేను చూశాను.

తడిసిన వడ్లు

ఇప్పుడు నా స్నేహితుడి మిల్లులో జరిగిన దాన్ని ఈ మిల్లులో పెట్టి చెబుతాను. అకాల వానకు ఒక షెడ్డులో వడ్లు తడిశాయి, రంగు మారాయి. కొన్న ధర 40 లక్షలు. మర పడితే నల్లబడ్డ బియ్యం, నూక ఎక్కువ. మహా అయితే 15 లక్షలు వస్తాయి. స్టాకును కొన్న ధర, అమ్మితే చేతికొచ్చే ధర, ఈ రెంటిలో ఏది తక్కువైతే దానితో చూపాలని అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్ 2 చెబుతుంది. మిల్లు యజమాని ఒప్పుకోలేదు. "ధర పెరగొచ్చు సార్, పశువుల దాణాకైనా పోతయి" అని 40 లక్షలకే ఉంచాడు.

తేడా 25 లక్షలు. మన గీత 6 లక్షలు. కాబట్టి ఇది పెద్ద తప్పే. కానీ ఎంత దూరం పాకింది? స్టాకు 9 కోట్ల నుంచి 8 కోట్ల 75 లక్షలవుతుంది. లాభం కోటి 20 లక్షల నుంచి 95 లక్షలవుతుంది. పన్ను లెక్క కొంచెం కదులుతుంది. మూలధనం ఆ మేరకు తగ్గుతుంది. అప్పులు, అమ్మకాలు, కొనుగోళ్లు, యంత్రాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఈ కొన్ని గీతలు దిద్దుకుని చదివితే మిల్లు ఎలా ఉందో చదివేవాడికి బాగానే అర్థమవుతుంది. ఇలాంటి చోటే క్వాలిఫైడ్. "ఈ విషయం ప్రభావం తప్ప, లెక్కలు నిజమైన, న్యాయమైన చిత్రాన్ని ఇస్తున్నాయి" అని రాసి, ఆ కిందే ఆధారం పేరాలో 25 లక్షలు ఎందుకో, ఏ అంకె ఎంత మారాలో లెక్కకట్టి చూపించాలి. లెక్క కట్టగలిగి కూడా కట్టకుండా వదిలేస్తే ఆ "తప్ప" వల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

క్వాలిఫైడ్‌కు రెండో దారి కూడా ఉంది. ఆడిటర్ని జూన్‌లో నియమించారు. అద్దె గోదాములో 70 లక్షల సరుకు ఉండేదట, ఏప్రిల్‌లోనే అమ్మేశారట. లారీ కాటా చీటీలు, ఈ-వే బిల్లులు, డబ్బు వచ్చిన ఆధారం దొరికితే ఆ సరుకు మార్చి 31న ఉండే ఉంటుందని వెనక్కి నడిచి తేల్చుకోవచ్చు. ఈ గోదాముకు అవేవీ దొరకలేదు. తప్పు ఉందని ఆడిటరు అనడం లేదు, ఉందో లేదో తెలుసుకునే దారి లేదంటున్నాడు. మిగతా 8 కోట్ల 30 లక్షల స్టాకుకు రుజువులు గట్టిగా ఉన్నాయి కాబట్టి ఇక్కడ కూడా "తప్ప" చాలు.

పైకి ఈ రెండు రిపోర్టులూ ఒకేలా కనిపిస్తాయి. లోపల ఉన్నవి వేరువేరు విషయాలు. మొదటిదాంట్లో ఆడిటరుకు తప్పు తెలుసు. రెండోదాంట్లో తెలియదు. ఆధారం పేరా చదవనివాళ్లకు ఈ తేడా ఎప్పటికీ దొరకదు.

బొటనవేలి పరీక్ష

నేను సీఏ శిక్షణలో ఆర్టికల్స్ చేసే రోజుల్లో మా సీనియర్ ఒకాయన ఉండేవారు. ఒక కంపెనీ రిపోర్టుకు నేను "స్టాకు తప్ప" అని డ్రాఫ్ట్ రాసి తీసుకెళ్లాను. ఆయన బ్యాలెన్స్ షీటు నా ముందు పెట్టి, "స్టాకు గీత మీద బొటనవేలు పెట్టు. ఇప్పుడు మిగిలింది చదివి, ఈ కంపెనీ ఎట్లుందో నాకు చెప్పు" అన్నారు. చెప్పలేకపోయాను. ఆ కంపెనీ ఆస్తుల్లో సగానికి పైగా స్టాకే. లాభం దాని మీదే ఆధారపడింది. అప్పు దాన్ని చూపించే తెచ్చుకున్నారు. "అది తప్ప మిగిలిందేముందిరా?" అన్నారాయన. డ్రాఫ్ట్ చింపలేదు. నా చేతికే ఇచ్చి మళ్లీ రాసుకురమ్మన్నారు.

ఆడిట్ ప్రమాణం ఎస్‌ఏ 705 ఇదే విషయాన్ని పర్వేసివ్ అనే మాటతో చెబుతుంది. తప్పు ఒక చోట ఆగకుండా లెక్కలంతటా పాకినా, ఒకే చోట ఉన్నా ఆ చోటే లెక్కల్లో పెద్ద భాగమైనా, లేదా దాచిపెట్టిన సమాచారం లేకుండా అసలు లెక్కలే అర్థం కాకపోయినా అది పర్వేసివ్. అప్పుడు "తప్ప" అనే హక్కు ఆడిటరుకు లేదు. ఇదే నేను చెప్పిన హద్దు.

ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది. కొన్ని తప్పులకు వేలు పెట్టడానికి గీతే ఉండదు. మిల్లు ఆరు నెలల్లో మూతపడేలా ఉంది, బ్యాంకు అప్పు తిరిగి కట్టమంది, ఎక్కడా కొత్త డబ్బు పుట్టే దారి లేదు. అయినా రేపూ ఎల్లుండీ నడుస్తుందన్న లెక్కతోనే కాగితాలు తయారుచేశారు. అంకెలన్నీ కూడితే సరిపోతాయి. కానీ పునాదే తప్పు. అలా నడుస్తుందనుకోవడమే సరికాదని ఆడిటరు తేల్చుకుంటే, నోట్‌లో ఎంత వివరంగా రాసినా సరే, ఇవ్వాల్సింది అడ్వర్స్ అభిప్రాయమే. అనుమానం మాత్రమే ఉండి, దాన్ని కంపెనీ నోట్‌లో నిజాయతీగా రాస్తే అది వేరు. అప్పుడు అభిప్రాయం క్లీన్‌గానే ఉండి, ఆ సంగతికి ప్రత్యేకంగా ఒక పేరా వస్తుంది.

సర్కారు వడ్లు సొంత వడ్లయితే

మన మిల్లుకే తిరిగి వద్దాం. మార్చి 31న ఆడిటరు లెక్కపెడితే 39,000 క్వింటాళ్లు ఉన్నాయి. పుస్తకంలో సొంత స్టాకు కూడా 39,000. సరిపోయింది కదా అని వచ్చేయాలనిపిస్తుంది. కానీ ఆయన ఒక ప్రశ్న అడిగాడు. మరి సర్కారు వడ్లు ఎక్కడ?

వానాకాలం సీజనులో మిల్లుకు వచ్చిన సర్కారు వడ్లు 50,000 క్వింటాళ్లు. పచ్చి బియ్యమైతే క్వింటాలుకు 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి ఇవ్వాలి. ఈ మిల్లు పచ్చి బియ్యం ఇస్తోంది. మార్చి 31 నాటికి ఇచ్చింది 18,760 క్వింటాళ్లు. దాన్ని 67 శాతంతో వెనక్కి లెక్కేస్తే 28,000 క్వింటాళ్ల వడ్లు మర పట్టినట్టు. ఇంకా 22,000 క్వింటాళ్ల వడ్లు, లేదా వాటి బియ్యం, మిల్లులో ఉండి తీరాలి. వేరే షెడ్డు ఖాళీగా ఉంది. వేరే ఊళ్లో గోదాము లేదు. మర పట్టి ఇవ్వకుండా ఆపిన బియ్యమూ లేదు. సివిల్ సప్లైస్ నుంచి నేరుగా తెప్పించిన లెక్క కూడా 22,000 బాకీ అనే చెబుతోంది. అంటే ఆడిటరు కళ్లముందున్న 39,000లో 22,000 సర్కారువి. సొంతవి 17,000.

ఆ 22,000 క్వింటాళ్ల ధర 5 కోట్ల 6 లక్షలు. స్టాకు 9 కోట్లు కాదు, 4 కోట్లకు కొంచెం తక్కువ. కోటి 20 లక్షల లాభం 3 కోట్ల 86 లక్షల నష్టమవుతుంది. 3 కోట్ల మూలధనం కరిగిపోయి 2 కోట్లకు పైగా లోటవుతుంది. బ్యాంకు 25 శాతం మార్జిన్ తీసేసి స్టాకు మీద అప్పిస్తుందనుకుంటే, 6 కోట్ల అప్పుకు ఎదురుగా నిలిచేది దాదాపు 3 కోట్లే. ఇక్కడ బొటనవేలు ఎక్కడ పెడతారు? స్టాకు మీద పెడితే లాభం బయటే ఉంది, లాభం మీద పెడితే మూలధనం బయటే ఉంది.

ఇది అడ్వర్స్. లెక్కలు నిజమైన, న్యాయమైన చిత్రాన్ని ఇవ్వడం లేదని సూటిగా రాయాలి. ఇలాంటి చోట "సర్కారు వడ్లను స్టాకులో కలిపిన విషయం తప్ప" అని క్వాలిఫైడ్ ఇస్తే అందులో ప్రతి మాటా నిజమే అవుతుంది, చదివేవాడికి చేరేది మాత్రం అబద్ధం. చాలామంది పై గీత మాత్రమే చదువుతారు. క్వాలిఫైడ్ అని చూసి, ఏదో చిన్న తేడా ఉందిలే అనుకుంటారు.

తెలియదు అనడం ఎప్పుడు న్యాయం

అదే మిల్లు. కానీ అన్నదమ్ములకు గొడవ వచ్చి మార్చి చివర్లో గేటుకు తాళం పడింది. ఏప్రిల్‌లో మిల్లు మళ్లీ నడిచినా, ఆడిటరు లోపలికి వెళ్లగలిగింది ఆగస్టులో. అప్పుడు లెక్కపెట్టి, ఏప్రిల్ నుంచి మర పట్టినవీ, అమ్మినవీ కలిపి, కొన్నవి తీసేస్తే మార్చి 31కి చేరుకోవచ్చు. దానికి కాటా రిజిస్టరు కావాలి, గేటు పుస్తకం కావాలి. ఏప్రిల్, మే నెలల కాటా పుస్తకం లేదు. కరెంటు యూనిట్లను బట్టి ఎంత మర పట్టారో అంచనా వేద్దామంటే, ఒకే మీటరు మీద పక్కనున్న ఇంకో యంత్రం కూడా నడిచింది. సర్కారు వడ్ల లెక్క విషయంలో సివిల్ సప్లైస్ అంకె ఒకటి, మిల్లు అంకె ఒకటి, మధ్యలో రవాణా చీటీలు లేవు. ఏ రైతుకు ఎంత డబ్బు ఇవ్వాలో చేత్తో రాసుకున్న లెక్క కూడా పెద్దన్న దగ్గరే ఉండిపోయింది.

సర్కారు వడ్లు సొంతంలో కలిశాయా? కలిసి ఉండవచ్చు. కలవకపోయి కూడా ఉండవచ్చు. ఆడిటరుకు తెలియదు, తెలుసుకునే దారులన్నీ నడిచి చూశాడు. తెలియనిది లెక్కల్లో సగాన్ని మింగేసింది. ఇప్పుడు డిస్‌క్లెయిమర్ న్యాయం. "మేము అభిప్రాయం చెప్పడం లేదు" అని రాస్తాం. మామూలుగా "ఆడిట్ చేశాము" అని రాసే చోట "ఆడిట్ చేయడానికి నియమితులమయ్యాము" అంటాం. ఆ ఒక్క క్రియాపదంలో ఎంతో ఉంది.

గేటుకు తాళం కంపెనీ వాళ్లే కావాలని వేశారనుకోండి. అప్పుడు ముందు తీయమని అడగాలి, తీయకపోతే బోర్డుకు రాతపూర్వకంగా చెప్పాలి. అయినా కదలకపోతే, దాని ప్రభావం పెద్దదై అంతటా పాకేదైతే, చట్టం ఒప్పుకునే చోట తప్పుకోవాలి, తప్పుకోలేనప్పుడు డిస్‌క్లెయిమర్. కంపెనీ ఆడిటరు తప్పుకుంటే 30 రోజుల్లో ADT-3 ఫారంలో కారణాలు రాసి దాఖలు చేయాలి. "వ్యక్తిగత కారణాలు" అని రాసి జారుకోవడం నాకు ఎప్పుడూ నచ్చదు. తర్వాత వచ్చే ఆడిటరుకు ఆ రెండు మాటలు ఏ దారీ చూపించవు.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇంకొకటి. సర్కారు వడ్లు కలిపారని రుజువుతో సహా తెలిసి కూడా, అడ్వర్స్ రాయలేక, "తగిన రుజువులు లభించలేదు" అని డిస్‌క్లెయిమర్ వెనక దాక్కోవడం. వినడానికి డిస్‌క్లెయిమర్ మెత్తగా ఉంటుంది, యజమాని కూడా అంత కోపగించుకోడు. కానీ తెలిసిన దాన్ని తెలియదనడం అబద్ధమే. ఎస్‌ఏ 705 ఈ దారిని కూడా మూసింది. డిస్‌క్లెయిమర్ ఇచ్చినా సరే, ఆడిటరుకు తెలిసిన ఇతర తప్పులేవైనా ఉంటే వాటినీ, వాటి ప్రభావాన్నీ ఆధారం పేరాలో రాయాల్సిందే.

అవతలి పక్క

ఇదంతా చదివి మిల్లర్లు నన్ను అడిగే మాట నాకు తెలుసు. "మీరు అడ్వర్స్ రాసి ఇంటికి పోతరు. రేపు పొద్దున బ్యాంకు అప్పు మొత్తం కట్టమంటది. అరవై మంది హమాలీలు రోడ్డున పడతరు. ఒక ఏడు టైమిస్తే సర్దుకుంటం గదా?" ఈ మాటను నేను తేలిగ్గా కొట్టిపారేయలేను. ఆ హమాలీల్లో కొందరి పేర్లు నాకు తెలుసు.

ఈ జాలితోనే ఒకసారి నేను తప్పు చేశాను. పన్నెండేళ్ల కింద ఒక చిన్న కంపెనీలో, కాటా రిజిస్టర్లు సగం లేకపోయినా, స్టాకు మాత్రమే అని సర్దిచెప్పుకుని క్వాలిఫైడ్ ఇచ్చాను. ఆ రోజు బొటనవేలు పెట్టి చూసుకోలేదు. వాళ్లు ఆ రిపోర్టుతో ఇంకో అప్పు తెచ్చుకున్నారు. ఏడాదిన్నర తర్వాత కంపెనీ మూతపడింది. హమాలీలకు రెండు నెలల కూలి, రైతులకు వడ్ల డబ్బు రాలేదు. టైమిచ్చి నేను కాపాడాలనుకున్నవాళ్లే ఇంకా ఎక్కువ పోగొట్టుకున్నారు. వాళ్లలో ఒక రైతు మా ఆఫీసు మెట్ల మీద కూర్చుని, "మీరు సంతకం పెట్టిన కాగితమే గద సారూ వాళ్ల దగ్గరున్నది" అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను.

అలాగని ప్రతి అనుమానానికీ అడ్వర్స్ అనడం కూడా అంతే తప్పు. రుజువు లేకుండా "తప్పు" అని రాస్తే ఆ మిల్లుకు చేసిన అన్యాయాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేరు. ఇంకో న్యాయమైన ప్రశ్న కూడా ఉంది. పర్వేసివ్ ఎక్కడ మొదలవుతుంది? దీనికి ఎవరూ అంకె రాసివ్వలేదు. స్టాకులో 25 లక్షలు కాదు, 5 కోట్లు అవును. మరి కోటిన్నరైతే? లాభం నష్టంగా మారుతుంది, మూలధనం సగమవుతుంది. నేనైతే అడ్వర్స్ వైపే మొగ్గుతాను. ఇంకో ఆడిటరు అంకె కట్టి, స్పష్టంగా చూపించి క్వాలిఫైడ్ ఇస్తే ఆయన్ని తప్పుపట్టలేను, ఎందుకు అలా అనుకున్నాడో ఫైల్లో రాసిపెట్టి ఉంటే చాలు. ఆలోచించి ఒక పక్కకు మొగ్గడం వేరు, ఫీజు ఇచ్చే చెయ్యి చూసి మొగ్గడం వేరు.

యజమానులు మర్చిపోయేది కూడా ఒకటుంది. తెలిసిన తప్పు విషయంలో రిపోర్టు మార్చే శక్తి ఆడిటరు కంటే వాళ్ల చేతుల్లోనే ఎక్కువ. బోర్డు సంతకం పెట్టకముందు 25 లక్షలు తగ్గించి చూపితే తడిసిన వడ్ల మీద రాయడానికి ఏమీ ఉండదు, రిపోర్టు క్లీన్‌గా వస్తుంది. తగ్గించనంటే క్వాలిఫైడ్ వస్తుంది. ఆ తర్వాత కంపెనీల చట్టం 134వ సెక్షను కింద, దానికి వాళ్ల వివరణ ఏమిటో డైరెక్టర్ల రిపోర్టులో రాయాల్సి వస్తుంది.

ఆ పిల్లవాడి ఫైలు

వాళ్ల రిపోర్టు చదివాక ఆ అబ్బాయిని నల్లగొండ రమ్మన్నాను. ఆధారం పేరా చూపించి, కాగితం మీద వాడి చేతనే లెక్క వేయించాను. అసలు అంకెలు వేరే, ఇక్కడ పైన చెప్పిన మిల్లు అంకెలతోనే చెబుతాను. 9 కోట్లలో 25 లక్షలు తీసేస్తే 8 కోట్ల 75 లక్షలు. దానిలో 25 శాతం మార్జిన్ పోతే 6 కోట్ల 56 లక్షలు. రైతులకు డబ్బంతా కట్టేశారు కాబట్టి అందులోంచి తీసేయాల్సింది లేదు. లిమిటు 6 కోట్లు. క్వాలిఫికేషన్ని పూర్తిగా ఒప్పుకున్నా అప్పుకు సరిపడా స్టాకు ఉంది.

"మరి ఈ ఏడు లెక్కల్లో ఏం చెయ్యాలె కాకా?" అన్నాడు. ఆ తడిసిన వడ్లు మే నెలలోనే అమ్మేశారట. పోయిన ఏడు నష్టం ఈ ఏడు లాభంలో కలిసిపోకుండా, ఏఎస్ 5 ప్రకారం పాత సంవత్సరపు తప్పుగా విడిగా చూపించమని చెప్పాను. విడిగా చూపకపోతే ఈ ఏడు వ్యాపారమే 25 లక్షలు తక్కువ సంపాదించినట్టు కనిపిస్తుంది, అదే విషయం ఈసారి రిపోర్టులోకీ వస్తుంది.

వాడు ఆ కాగితం, ఆధారం పేరా ఉన్న పేజీ పట్టుకుని బ్యాంకుకు వెళ్లాడు. మేనేజరు రెండుసార్లు చదివి, ఆ తడిసిన వడ్లు చివరికి ఎంతకు అమ్మారని అడిగారట. వీడు బిల్లు తీసి చూపించాడు. 14 లక్షల 60 వేలు.